ప్రెస్ రిలీజ్‌లో పొగడ్తలన్నీ తీసేశాను, అయినా వార్త కాలేదట. ఎక్కడ తప్పింది?

నీలిసిరా | సోమవారం రాత్రి 9:40

ఒక న్యూస్ సైట్‌లో బిజినెస్ డెస్కులో చేరి నాలుగు నెలలైంది. ఇవాళ ఒక కంపెనీ ప్రెస్ రిలీజ్ ఇచ్చి వార్తగా తిరగరాయమన్నారు. పొగడ్తలు ఏరేసి, రెండు పేజీలను నాలుగు లైన్లకు తెచ్చి ఇచ్చాను. మా చీఫ్ సబ్ ఒక్కసారి చూసి, "ఇదింకా వాళ్ల కాగితమే, మన వార్త కాలేదు" అని వెనక్కి పంపారు. ఎందుకో చెప్పే తీరిక ఆయనకు లేదు, అడిగే ధైర్యం నాకు లేదు. రేపు సాయంత్రంలోగా మళ్లీ ఇవ్వాలి. కొంచెం టెన్షన్‌గా ఉంది.

పేరు తీసేసి అసలు ముక్క పెడుతున్నాను:

> నీటి శుద్ధి రంగంలో అగ్రగామిగా వెలుగొందుతున్న [కంపెనీ], ప్రపంచంలోనే మొట్టమొదటి నానో పొరల సాంకేతికతతో రూపొందించిన విప్లవాత్మక వాటర్ ఫిల్టర్‌ను ఆవిష్కరించింది. నీటిలోని 99.99 శాతం క్రిములను తుదముట్టించే ఈ అత్యాధునిక ఫిల్టర్ అంతర్జాతీయ ప్రయోగశాలలో నిరూపితమైంది. ఐఎస్ఓ 9001 ధ్రువీకరణ పొందిన ఈ ఉత్పత్తి, సాధారణ ఫిల్టర్ల కంటే మూడు రెట్లు ఎక్కువ కాలం మన్నుతుంది. "స్వచ్ఛమైన నీరు అందరి హక్కు. ఆ కలను సాకారం చేసే చారిత్రక అడుగు ఇది" అని సంస్థ ఎండీ ఉద్ఘాటించారు. వచ్చే రెండేళ్లలో సంస్థ 500 మందికి ఉపాధి కల్పించనుంది.

నేను రాసింది:

> నీటి శుద్ధి పరికరాల సంస్థ [కంపెనీ] కొత్త వాటర్ ఫిల్టర్‌ను ఆవిష్కరించింది. నానో పొరల సాంకేతికతతో తయారై, నీటిలోని 99.99 శాతం క్రిములను చంపే, ఐఎస్ఓ 9001 ధ్రువీకరణ పొందిన ఈ ఫిల్టర్ సాధారణ ఫిల్టర్ల కంటే మూడు రెట్లు ఎక్కువ కాలం మన్నుతుందని ఎండీ వెల్లడించారు. స్వచ్ఛమైన నీరు అందరి హక్కని ఆయన అన్నారు. రెండేళ్లలో సంస్థ 500 మందికి ఉపాధి కల్పించనుంది.

అగ్రగామి, విప్లవాత్మక, అత్యాధునిక, చారిత్రక అన్నీ పోయాయి. ఇంకేం తీయాలి?

---

చదువరిబాబు | సోమవారం రాత్రి 10:05

మీది దాదాపు సరిపోయింది. ప్రతి వాక్యం చివర "అని కంపెనీ తెలిపింది" తగిలించండి. అప్పుడు మాట వాళ్లది, బాధ్యత వాళ్లది. నేను మూడేళ్లు స్ట్రింగర్‌గా చేశాను, ఎప్పుడూ అలాగే రాశాను. ఒక్క గొడవ కూడా రాలేదు.

---

పాతడెస్కు | సోమవారం రాత్రి 10:50

చదువరిబాబు గారు చెప్పింది సగం నిజం. ఎవరు చెప్పారో రాయడం తప్పనిసరి. అయితే మన భాషలో అది ఎక్కడ పడుతుందన్నదే అసలు చిక్కు.

నీలిసిరా గారూ, మీ రెండో వాక్యాన్ని పాఠకుడిలా చదవండి. "99.99 శాతం క్రిములను చంపే" అన్న ముక్క వాక్యం మధ్యలో వస్తుంది. "ఎండీ వెల్లడించారు" చిట్టచివర వస్తుంది. అక్కడికి చేరేలోపే పాఠకుడు క్రిములు చచ్చిపోయాయని నమ్మేశాడు. పైగా వ్యాకరణం ప్రకారం ఎండీ చెప్పినది "మూడు రెట్లు మన్నుతుంది" అన్నది మాత్రమే. "చంపే", "పొందిన", "తయారై" ఇవన్నీ ఫిల్టర్‌కు తగిలించిన గుణాలయ్యాయి. అంటే ఆ మూడూ మీరు, మీ సైట్ తరఫున, నిజమని పూచీపడి రాశారు.

తెలుగు ప్రెస్ రిలీజ్‌లో గొప్పలు విశేషణాల్లో కన్నా ఈ "చంపే, పొందిన, నిరూపితమైన" లాంటి వాటిలోనే ఎక్కువగా దాక్కుంటాయి. "విప్లవాత్మక" తీసేయడం చంటిపిల్లవాడికీ తెలుసు. "నిరూపితమైన" మాత్రం వాస్తవంలా కనిపిస్తుంది కాబట్టి చేతికి చిక్కదు. అందుకని నేను చేసే పని ఇది: అలాంటి ప్రతి ముక్కనూ విడగొట్టి దాని కాళ్ల మీద దాన్ని నిలబెడతాను. "ఈ ఫిల్టర్ 99.99 శాతం క్రిములను చంపుతుంది." ఇప్పుడది ఒంటరి వాక్యం. ఎవరు చెప్పారు, ఎలా తెలుసు అని అడగాలని దానంతటదే అనిపిస్తుంది.

మాట ఎవరిదో వాక్యం మొదట్లోనే పెట్టండి. "కంపెనీ చెబుతున్నదాని ప్రకారం..." అని మొదలుపెడితే పాఠకుడు తర్వాతి మాటను ఆ లెక్కలోనే వింటాడు.

ఇక "వెల్లడించారు". ఉన్న నిజాన్ని బయటపెట్టినప్పుడు వాడే మాట అది. "స్పష్టం చేశారు" కూడా అంతే, అప్పటికే ఉన్న నిజాన్ని తేటపరిచినట్టు ఉంటుంది. "ఉద్ఘాటించారు" గురించి చెప్పక్కర్లేదు. "చెప్పారు", "తెలిపారు", "పేర్కొన్నారు" చాలు. ఒకే మాట నాలుగుసార్లు వస్తే భాష పేలవమవుతుందని మన డెస్కుల్లో ఒక భయం ఉంది. పేలవమైనా ఫర్వాలేదు, "చెప్పారు" ఎవరి పక్షమూ వహించదు.

మీరు వదిలేసిన ఇంకో మాట "ఆవిష్కరించింది". విడుదల చేసిందా, కనిపెట్టిందా? వాళ్లకు కావలసింది ఆ అయోమయమే.

---

వేకువ | సోమవారం రాత్రి 11:20

మంచి చర్చ. మాది చిన్న స్టార్టప్. మేము పంపే ప్రెస్ రిలీజులు ఎవరూ వేయడం లేదు. మీ అసలు ముక్కలాంటి భాష రాయాలంటే మంచి రచయిత ఎక్కడ దొరుకుతారు? "వెలుగొందుతున్న" లాంటి మాటలు మాకు రావు.

---

పాతడెస్కు | సోమవారం రాత్రి 11:31

వేకువ గారూ, ప్రశ్న తలకిందులుగా అర్థమైనట్టుంది, ఆ మాటలు ఎలా తీసేయాలా అని మేము కొట్టుకుంటున్నాం. మీకు రచయిత అక్కర్లేదు. పరీక్ష చేయించి ఉంటే ఆ నివేదిక మొత్తం జతచేయండి, ఫోన్ ఎత్తే మనిషి నంబరు ఇవ్వండి. ఆ రెండూ ఉన్న రిలీజ్ నేను ముందు తీస్తాను.

---

మాటలబేరం | మంగళవారం ఉదయం 7:15

నేను పీఆర్‌లో ఉన్నాను, అవతలి పక్షం మాట కూడా వినండి. మేము అబద్ధాలు రాయం. క్లయింట్ ఇచ్చినదాన్ని బాగా కనపడేలా రాస్తాం. అది ప్రకటన అని పంపినవాడికీ తెలుసు, అందుకున్నవాడికీ తెలుసు.

ఒక లోగుట్టు చెబుతాను. ఎండీ మాటలంటూ కోట్స్‌లో ఉండేది చాలాసార్లు మేము రాసిందే. ఆయనకు పంపుతాం, చూసి సరే అంటారు, అంతే. ఆ "చారిత్రక అడుగు" కూడా నాలాంటి వాళ్లెవరో అర్ధరాత్రి కూర్చుని రాసి ఉంటారు. కాబట్టి "ఆయన అన్నారు" అని మీరు రాస్తే మాకే నవ్వొస్తుంది. ఇంకొందరు "విలేకరులతో మాట్లాడుతూ" అని కూడా కలుపుతారు. ఏ విలేకరీ లేడు, ఏ మాటా లేదు, ఈమెయిల్ ఒక్కటే ఉంది.

అన్నట్టు, తొలి ప్రెస్ రిలీజ్‌గా చాలామంది చెప్పేది 1906లో అమెరికాలో ఒక రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే కంపెనీ తరఫున ఐవీ లీ రాసినది. అందులో గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు, ప్రమాదం గురించి పత్రికలకు సమాచారం ఇచ్చారు. మా వృత్తి అక్కడ మొదలై ఇక్కడికొచ్చింది, ఏం చేస్తాం.

---

చదువరిబాబు | మంగళవారం ఉదయం 7:50

అయితే కోట్ మొత్తం పీకేయమంటారా? మనిషి మాట లేకపోతే వార్త చప్పగా ఉంటుంది.

---

పాతడెస్కు | మంగళవారం ఉదయం 8:10

"స్వచ్ఛమైన నీరు అందరి హక్కు" అన్నదాంట్లో ఫిల్టర్ గురించి ఒక్క ముక్క లేదు. తీసేస్తే పాఠకుడికి ఏ సమాచారమూ తగ్గదు. కోట్ ఉంచాలా వద్దా అన్నదానికి నేను చూసేది అదొక్కటే. ఎప్పుడు అమ్మకానికి వస్తుంది, పాత మోడల్ ఆపేస్తారా లాంటిది ఎండీ పేరుతో ఉంటే ఉంచండి, "ప్రకటనలో పేర్కొన్నారు" అని రాయండి.

---

ల్యాబ్‌కోటు | మంగళవారం ఉదయం 8:45

నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. మీరంతా మాటల గురించి మాట్లాడుతున్నారు, నా కన్ను ఆ 99.99 మీద పడింది.

"క్రిములు" అంటే ఏవి? మాకు అలాంటి జీవి ఏదీ లేదు. బ్యాక్టీరియా వేరు, వైరస్ వేరు, ప్రోటోజోవా వేరు. సైజులోనే చాలా తేడా. ఈ-కొలై బ్యాక్టీరియా పొడవు ఒకటి రెండు మైక్రాన్లు ఉంటుంది. రోటా వైరస్ మైక్రాన్‌లో పదో వంతుకు మించదు. బ్యాక్టీరియాను ఆపే రంధ్రంలోంచి వైరస్ హాయిగా జారిపోవచ్చు. డబ్ల్యూహెచ్‌ఓ ఇళ్లలో వాడే నీటి శుద్ధి పరికరాలకు గ్రేడు ఇచ్చేటప్పుడు ఈ మూడింటినీ విడివిడిగా చూస్తుంది. అన్నిటికన్నా పై గ్రేడు రావాలంటే బ్యాక్టీరియా 99.99 శాతం, ప్రోటోజోవా 99.99 శాతం, వైరస్ 99.999 శాతం తగ్గాలి. కాబట్టి 99.99 అన్న అంకె మాత్రమే చెప్పి దేనిలోనో చెప్పకపోతే నా దృష్టిలో ఏమీ చెప్పనట్టే.

అంకె కూడా చూడటానికి నూటికి నూరులా ఉంటుంది. లెక్క వేయండి. 10 లక్షల బ్యాక్టీరియా ఉన్న నీరు పోస్తే 99.99 శాతం పోయాక 100 మిగులుతాయి. 99.9999 శాతమైతే ఒకటి మిగులుతుంది. పాఠకుడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంకొకటి, పరీక్ష ఎప్పుడు చేశారు? కొత్త ఫిల్టర్‌లోంచి మొదట వచ్చిన నీటినా, వేల లీటర్లు పోశాక వచ్చిన నీటినా? రంధ్రాలతో ఆపే ఫిల్టర్ వాడేకొద్దీ పూడుకుపోయి నీరు నెమ్మదిస్తుంది, ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. విద్యుదావేశంతో క్రిములను పట్టుకుని ఉంచే పొరలైతే పట్టుకునే చోటు నిండిపోతుంది, నీరు మాత్రం మామూలుగానే వస్తుంటుంది. ఆ తేడా కంటికి కనిపించదు. "నానో పొర" అన్న మాట ఈ రెంటిలో ఏదో చెప్పదు.

"చంపే" కూడా అనుమానమే. ఫిల్టర్ ఆపుతుంది. చంపాలంటే క్లోరిన్ లాంటి మందో యూవీయో ఉండాలి.

---

నీలిసిరా | మంగళవారం ఉదయం 9:05

ఇది చదివాక చల్లబడిపోయాను. నేను "తుదముట్టించే" తీసి "చంపే" అని పెట్టి, భాష సాదాగా మార్చానని సంతోషించాను. తప్పు అలాగే ఉండిపోయింది.

ఐఎస్ఓ 9001 మాత్రం వాస్తవమే కదా? సర్టిఫికెట్ కాపీ కూడా జతచేశారు.

---

పాతడెస్కు | మంగళవారం ఉదయం 9:20

సర్టిఫికెట్ నిజమే అయి ఉంటుంది, మీ వాక్యం మాత్రం తప్పు. ఐఎస్ఓ 9001 వచ్చేది సంస్థ పని పద్ధతికి, నాణ్యత కోసం వాళ్లు ఒక క్రమం పాటిస్తున్నారా లేదా అన్నదానికి. వస్తువుకు రాదు. "ధ్రువీకరణ పొందిన ఈ ఫిల్టర్" అంటే నీళ్లు బాగుంటాయని ఎవరో చూసి ముద్ర వేసినట్టు అర్థమవుతుంది. ఇంకో సంగతి, ఆ సర్టిఫికెట్లు ఐఎస్ఓ ఇవ్వదు, బయటి ధ్రువీకరణ సంస్థలు ఇస్తాయి. "ఐఎస్ఓ గుర్తించింది" అని రాసినా తప్పే. కాపీలో ఏ యూనిట్‌కు, ఏ పనికి, ఏ తేదీ వరకు అని ఉంటుంది, చూడండి. తయారీ యూనిట్‌కు కాకుండా సేల్స్ ఆఫీసుకు ఇచ్చిన సర్టిఫికెట్ జతచేసినవాళ్లను నేను చూశాను.

ఈ వార్తలో అది అసలు అవసరమా? నేనైతే తీసేస్తాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది రాయడం కాదు, కంపెనీకి మెయిల్ పెట్టడం. పరీక్ష నివేదిక పూర్తిగా కావాలి, మొదటి పేజీ మాత్రం కాదు. మూడు రెట్లు దేనితో పోలిస్తే? ప్రపంచంలోనే మొదటిది అనడానికి ఆధారం ఏమిటి? 500 మంది అంటే ఎవరు? నాలుగు ప్రశ్నలు, మర్యాదగా, జవాబు ఎప్పటిలోగా కావాలో చెప్పి. "నిరూపించండి" అని రాయకండి, "పాఠకులకు సరిగా చెప్పడానికి ఈ వివరాలు కావాలి" అనండి. మంచి పీఆర్ మనిషైతే గంటలో పంపిస్తారు.

---

మాటలబేరం | మంగళవారం ఉదయం 9:34

పంపిస్తాం. క్లయింట్ ఇస్తే.

---

నీలిసిరా | మంగళవారం మధ్యాహ్నం 1:30

జవాబు వచ్చింది! నేను అనుకున్నదానికన్నా నిజాయితీగానే ఇచ్చారు.

పరీక్ష నివేదిక ఆరు పేజీలుంది. ఈ-కొలై ఒక్కదాని మీదే పరీక్షించారు. కొత్త ఫిల్టర్, మొదటి 100 లీటర్లు. ఫలితం 99.99 శాతం తగ్గుదల. వైరస్‌ల మీద పరీక్షించారా అని మళ్లీ అడిగితే "ఇంకా లేదు" అన్నారు. "అంతర్జాతీయ ప్రయోగశాల" అంటే వేరే దేశాల్లో కూడా శాఖలున్న ఒక ప్రైవేటు ల్యాబ్, పరీక్షకు డబ్బు కట్టింది కంపెనీయే.

మూడు రెట్లు అన్నది వాళ్ల సొంత పాత మోడల్‌తో పోలిస్తే. అది 2,000 లీటర్లు, ఇది 6,000 లీటర్లు. కంపెనీలోనే చేసుకున్న పరీక్ష, నివేదిక ఇవ్వలేమన్నారు.

ప్రపంచంలోనే మొదటిది అనడానికి "పేటెంట్ ఉంది" అన్నారు. నంబరు అడిగితే దరఖాస్తు నంబరు పంపారు.

500 మందిలో డీలర్ల దగ్గర పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు. కంపెనీ నేరుగా ఎంతమందిని తీసుకుంటుందో ఇంకా తేలలేదట.

---

ల్యాబ్‌కోటు | మంగళవారం మధ్యాహ్నం 1:52

చూశారా, పరీక్ష 100 లీటర్ల దగ్గర ఆగింది, మన్నిక 6,000 లీటర్లంటున్నారు. రిలీజ్‌లో రెండూ పక్కపక్కనే ఉండేసరికి 6,000వ లీటరు దాకా 99.99 శాతం అన్న అర్థం వస్తుంది. ఆ మాట ఎక్కడా ఎవరూ అనలేదు, కానీ అందరూ అలాగే చదువుతారు.

ల్యాబ్‌ను తక్కువ చేయకండి. డబ్బు కట్టి పరీక్ష చేయించుకోవడం మామూలే, మా జీతాలు వచ్చేది అలాగే. మేము చేసింది చేసినట్టు రాస్తాం. నివేదిక మా దగ్గర్నుంచి బయటికెళ్లాక అందులోని "ఈ-కొలై" రిలీజ్‌లో "క్రిములు" అవుతుంది, అది మా చేతుల్లో లేదు.

---

పాతడెస్కు | మంగళవారం మధ్యాహ్నం 2:05

పేటెంట్ విషయం: దరఖాస్తు పెట్టడం వేరు, మంజూరు కావడం వేరు. "పేటెంటుకు దరఖాస్తు చేసింది" అన్నదే మీరు రాయగలిగిన గరిష్ఠం. మంజూరైనా అది "ప్రపంచంలోనే మొదటి ఫిల్టర్" అని ఇచ్చే బిరుదు కాదు, ఆ దరఖాస్తులో ప్రత్యేకంగా చెప్పుకున్న అంశం వరకే వర్తిస్తుంది. మొట్టమొదటి అన్నదాన్ని సరిచూడాలంటే ప్రపంచంలోని ఫిల్టర్లన్నీ తిరగేయాలి, సాయంత్రంలోగా మీ వల్ల కాదు. తీసేయండి.

ఇక రాయండి.

---

నీలిసిరా | మంగళవారం మధ్యాహ్నం 3:10

> [కంపెనీ] నుంచి కొత్త వాటర్ ఫిల్టర్
>
> నీటి శుద్ధి పరికరాలు తయారుచేసే [కంపెనీ], ఇళ్లలో వాడే కొత్త ఫిల్టర్‌ను సోమవారం మార్కెట్లోకి విడుదల చేసింది.
>
> కంపెనీ డబ్బు చెల్లించి ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేయించిన పరీక్షలో, ఈ ఫిల్టర్ నీటిలోని ఈ-కొలై బ్యాక్టీరియాను 99.99 శాతం తగ్గించింది. కొత్త ఫిల్టర్‌లో మొదటి 100 లీటర్ల నీటితో ఈ పరీక్ష జరిగినట్టు నివేదికలో ఉంది. వైరస్‌లపై ఇంకా పరీక్షించలేదని కంపెనీ ప్రతినిధి ఈమెయిల్‌లో తెలిపారు.
>
> కంపెనీ చెబుతున్నదాని ప్రకారం, ఫిల్టర్ 6,000 లీటర్ల వరకు పనిచేస్తుంది. వాళ్ల పాత మోడల్ 2,000 లీటర్ల వరకు పనిచేసేది. ఇది కంపెనీ సొంత పరీక్షలో తేలిన అంకె. ఆ నివేదికను మాకు ఇవ్వలేదు.
>
> ఫిల్టర్‌లోని పొరల సాంకేతికతపై పేటెంటుకు దరఖాస్తు చేసినట్టు కంపెనీ తెలిపింది. రెండేళ్లలో డీలర్ల సిబ్బందితో కలిపి 500 మందికి ఉపాధి కల్పించాలన్నది తమ ప్రణాళిక అని పేర్కొంది.

---

మాటలబేరం | మంగళవారం మధ్యాహ్నం 3:25

బాగుంది, కానీ ఒకచోట అన్యాయం. "వైరస్‌లపై ఇంకా పరీక్షించలేదని" ఎందుకు? ఏ వస్తువుకైనా చేయని పరీక్షలు వంద ఉంటాయి. పడితే పగులుతుందా అన్నది కూడా పరీక్షించి ఉండరు, అదీ రాస్తారా? గొప్పలు తీసేయడం నిష్పాక్షికత. లోపాలు వెతికి పెట్టడం ఇంకో పక్షం. "నివేదికను మాకు ఇవ్వలేదు" అన్నదీ అంతే, ఏదో దాచినట్టు వినిపిస్తోంది.

---

పాతడెస్కు | మంగళవారం మధ్యాహ్నం 3:48

రెండో దానికి ఒప్పుకుంటాను. "ఇవ్వలేదు" అన్నచోట "మేము చూడలేదు" అని రాస్తే చాలు, మన పరిస్థితే చెప్పినట్టవుతుంది. "తేలిన అంకె" కూడా మార్చండి. చూడని నివేదికలో ఏం తేలిందో మనకేం తెలుసు? "తమ సొంత పరీక్ష ఆధారంగా ఈ అంకె ఇచ్చినట్టు తెలిపింది" అనండి.

మొదటిదానికి ఒప్పుకోను. వాళ్లు "బ్యాక్టీరియా" అని రాసి ఉంటే వైరస్ ఊసు మనమూ ఎత్తేవాళ్లం కాదు. "క్రిములు" అన్నారు. ఆ మాట వినగానే పాఠకుడి మనసులో అన్నీ వస్తాయి. పగలడం గురించి వాళ్లు ఏమీ చెప్పుకోలేదు, కాబట్టి మనమూ చెప్పం. వాళ్లు చాచిన చెయ్యి ఎంతవరకు వెళ్లిందో అంతవరకే కొలుస్తున్నాం.

---

ఎర్రపెన్ను | మంగళవారం సాయంత్రం 4:02

ఇంతసేపూ చదివాను. నాకు ఈ వార్త మొత్తమే అనవసరం అనిపిస్తోంది. ఒక ల్యాబ్‌లో ఒక బ్యాక్టీరియాపై ఒక పరీక్ష. దీన్ని ఇంత జాగ్రత్తగా రాస్తే, జాగ్రత్తగా రాసినందుకే పాఠకుడికి ఇంకా నమ్మకం కలుగుతుంది. 99.99 అన్న అంకె వార్తలో ఉన్నంతసేపు మిగతా షరతులన్నీ ఎవరూ చదవరు. అంకె తీసేసి, "కొత్త ఫిల్టర్ విడుదలైంది" అని రెండు లైన్లు వేయండి. లేదా అసలు వేయకండి.

---

ల్యాబ్‌కోటు | మంగళవారం సాయంత్రం 4:15

అంకె తీసేస్తే నష్టమే ఎక్కువ అనుకుంటాను. రేపు ఆ కంపెనీ యాడ్‌లో "99.99 శాతం క్రిములు" అని పెద్ద అక్షరాల్లో వస్తుంది. ఆ అంకె ఎక్కడిదో అని ఎవరైనా వెతికితే ఈ-కొలై, 100 లీటర్లు అన్న సంగతి ఎక్కడో ఒకచోట కనబడాలి కదా.

---

ఎర్రపెన్ను | మంగళవారం సాయంత్రం 4:21

వెతికేవాడు నూటికి ఒకడు. మిగతా తొంభైతొమ్మిది మంది ఫోన్‌లో రెండో పేరా దగ్గరే ఆగిపోతారు.

---

చదువరిబాబు | మంగళవారం సాయంత్రం 4:40

అందుకే హెడ్డింగ్‌లో అంకె లేకుండా పెట్టడం బాగుంది. నేనైతే "99.99 శాతం శుద్ధి" అని పెట్టి పక్కన కోట్స్ తగిలించేవాణ్ని. కోట్స్ పెడితే ఎవరి మాటో తెలిసిపోతుందనుకునేవాణ్ని. హెడ్డింగ్‌లో కోట్స్‌ను ఎవరు పట్టించుకుంటారని ఇప్పుడు అనుమానం వస్తోంది. నా పాత వార్తలు ఒకసారి తిరగేయాలి, కొన్ని చదవాలంటే భయంగా ఉంది.

---

నీలిసిరా | మంగళవారం రాత్రి 8:30

ఇచ్చేశాను. చీఫ్ సబ్ మూడు మార్పులు చేసి పెట్టేశారు. 500 మంది ఉపాధి లైన్ తీసేశారు, "అది జరిగినప్పుడు రాద్దాం" అన్నారు. పేటెంట్ లైన్ కూడా పోయింది. వైరస్‌ల వాక్యాన్ని అదే పేరాలో మొదటికి జరిపి, 99.99ను దాని తర్వాత పెట్టారు. ఎర్రపెన్ను గారి వాదన ఆయనకు తెలియకపోయినా ఎందుకో అదే పట్టుకున్నారు.

ఇప్పుడే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. "వైరస్‌లపై పరీక్షించలేదు" అన్న వాక్యం తీసేయమంటున్నారు, వచ్చే నెల పరీక్ష మొదలవుతుందట. ప్రతినిధి తాను చెప్పలేదని మాత్రం అనడం లేదు. ఏం జవాబివ్వాలి?

---

పాతడెస్కు | మంగళవారం రాత్రి 8:52

తీసేసే అధికారం మీది కాదు, మెయిల్ మీ చీఫ్‌కు పంపండి. కంపెనీకి ఒక లైన్ చాలు: పరీక్ష ఫలితం వచ్చాక నివేదిక పంపితే వార్తలో చేరుస్తాం. ప్రతినిధి ముందు రాసిన ఈమెయిల్‌ను జాగ్రత్తగా దాచుకోండి.

---

మాటలబేరం | మంగళవారం రాత్రి 9:10

ఆ మెయిల్ రాసిన మనిషి మీద నాకు జాలేస్తోంది. రేపు పొద్దున్నే క్లయింట్ ఫోన్ చేసి "ఎందుకు చెప్పావు" అని అడుగుతాడు.